తమ్ముడి పెళ్లికి పన్నెండు వారాలు: వదినకు రాసిచ్చిన ప్లాన్

వదినా, పన్నెండు కిలోలు తగ్గాలన్నావు. ముందు ఆ లెక్క తేల్చేద్దాం. ఇప్పుడు నీ బరువు 74 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బొడ్డు దగ్గర నడుము 94. నవంబరు 23 సోమవారం మొదలుపెడితే ఫిబ్రవరి 14కి పన్నెండు వారాలు నిండుతాయి, 18న ముహూర్తం. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు పడాలి. కడుపు మాడ్చుకోకుండా నువ్వు రోజుకు 450 లోటు పెట్టగలవు. అంటే వారానికి 400 గ్రాములు, మొత్తం మీద ఐదు కిలోలు. పండగ మధ్యలో ఉంది కాబట్టి నాలుగు నుంచి ఐదున్నర అనుకో. నడుము ఐదారు సెంటీమీటర్లు తగ్గొచ్చు. చేతులు ఎంత తగ్గుతాయో నేను చెప్పలేను. ఒంట్లో ఏ చోటి కొవ్వు ముందు కరగాలో మనం నిర్ణయించేది కాదు, చేతుల వ్యాయామం చేసినంత మాత్రాన చేతులే తగ్గవు.

పన్నెండు కిలోలే కావాలని జ్యూసుల మీద ఉంటే ఇంకో తంటా ఉంది. ఒక్కసారిగా తిండి మానేస్తే జుట్టు అప్పుడే రాలదు, రెండు మూడు నెలలకు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. అంటే సరిగ్గా పూలజడ వేసే వేళకి! పిత్తాశయంలో రాళ్లు పడే ముప్పూ ఉంది.

మొదలుపెట్టే ముందు
థైరాయిడ్ పరీక్ష చేయించి ఆరు నెలలు దాటి ఉంటే ఈ వారమే చేయించుకుని డాక్టరుకు చూపించు. మాత్ర మోతాదు మనం ముట్టుకోం. పొద్దున్నే పరగడుపున వేసుకుని అరగంట, వీలైతే గంట తర్వాతే కాఫీ. రెండేళ్ల కిందటి ఆకుపచ్చ జాకెట్టు ఒకటి ఉందిగా, హుక్కులు పట్టనిది, దాన్ని బయటికి తియ్యి. మనకు అసలు కొలమానం అదే.

ప్రతి వారం చెక్
సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్నే బాత్రూముకు వెళ్లొచ్చాక, కాఫీకి ముందు బరువు చూసి, మూడింటి సగటు నాకు పంపు. ఒక్క రోజు అంకె చూసి ఏడవొద్దు. ఆదివారం టేపుతో నడుము కొలత, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా. జాకెట్టు రెండు వారాలకోసారి చాలు.

1, 2 వారాలు
రెండే మార్పులు. ఒకటి నూనె. నెలకు ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో అత్తయ్యను అడుగు. తలా రోజుకు నాలుగైదు చెంచాల కన్నా దాటకూడదు. చెంచా అంటే టీ చెంచా. పోపు గరిటెతో వంచితే లెక్క ఉండదు, అందుకే సీసాలో పోసుకుని చెంచాతో కొలవాలి. రెండోది పళ్లెం. అన్నం ఒక కప్పు, అంతే కూర, కప్పు గట్టి పప్పు, పెరుగు. మీ ఇంట్లో పప్పుచారు బాగుంటుంది గానీ అందులో పప్పు వెతుక్కోవాలి.

రోజుకు 75 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డుకు ఆరు గ్రాములు, వంద గ్రాముల పచ్చి చికెన్‌కు ఇరవై పైచిలుకు, వంద గ్రాముల పనీరుకు పద్దెనిమిది దాకా, పాతిక గ్రాముల ఎండు మీల్ మేకర్‌కు పన్నెండు పదమూడు. పొద్దున రెండు గుడ్లతో పెసరట్టు, స్కూల్లో సాయంత్రం బజ్జీల బదులు డబ్బాలో శనగల గుగ్గిళ్లు, రాత్రి రెండు జొన్న రొట్టెలతో చికెనో మీల్ మేకరో. శనివారం నీచు తినవు కాబట్టి ఆ రోజు పనీరు.

నడక రోజుకు అరగంట. ఊపిరి కాస్త వేగంగా ఆడాలి, మాట మాత్రం ఆగకూడదు.

*చెక్:* మొదటి వారంలోనే కిలో పైన తగ్గినట్టు కనిపిస్తుంది. సంబరపడకు, చాలావరకు నీళ్లే. రెండో వారం చివరికి 72.5 నుంచి 73.

3, 4 వారాలు
వారానికి రెండు రోజులు కండలకు పని. కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు పుష్‌అప్‌లు, లీటరు నీళ్ల సీసాలు రెండింటితో భుజాల వ్యాయామం. ఒక్కోటి పది పన్నెండు సార్లు, మూడు విడతలు. ఇది లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. నాలుగో వారంలో ధనుర్మాసం మొదలవుతుంది. గుడిలో చక్రపొంగలి దొన్నెలో సగం తిను, మిగతాది పిల్లలకు. ప్రసాదం వద్దనమని నేను అనను.

*చెక్:* 72 అటూ ఇటూ, నడుము ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువ. ఎవరికీ ఏమీ తెలియదు, అన్నయ్య అసలు గమనించడు.

5, 6 వారాలు
ఎక్కువమంది ఇక్కడే మానేస్తారు. నెలసరికి ముందు కిలో, కిలోన్నర నీరు పడుతుంది, అంకె కదలదు, పైకి కూడా వెళ్తుంది. అందుకే నెలసరి అయిన వారాన్ని పోయిన నెల అదే వారంతో పోల్చు. రెండు వారాలు సగటు, నడుము రెండూ కదలకపోతే అప్పుడు మారుద్దాం. అన్నంలో పావు కప్పు తగ్గించి, నడక పావుగంట పెంచుదాం. అంతకు ముందు నీ అంతట నువ్వు రాత్రి భోజనం ఎత్తేయకు.

పెళ్లి జాకెట్టు గుడ్డ మగ్గం వర్కుకు ఈ వారాల్లో ఇచ్చేయాలి, వాళ్లకు పెళ్లిళ్ల సీజన్లో తీరిక దొరకదు. వర్కు గుడ్డ మీదే జరుగుతుంది కాబట్టి ఇప్పటి కొలతలే ఇవ్వు. "కుట్టు మాత్రం జనవరి చివర్లో, పక్కల్లో గుడ్డ ఎక్కువ వదలండి" అని టైలరుకు ముందే చెప్పు.

*చెక్:* 71 నుంచి 71.5. ఆకుపచ్చ జాకెట్టుకు పై రెండు హుక్కులు పట్టాలి.

7వ వారం
కొత్తగా ఏమీ వద్దు. స్కూల్లో పిల్లలు తెచ్చే పుట్టినరోజు కేకు ముక్క సగం చాలు.

8వ వారం
సంక్రాంతి. ఊళ్లో మూడు రోజులు అరిసెలు, జంతికలు, కనుమ నాడు మాంసం, గారెలు. ఈ వారం తగ్గడం మన లక్ష్యం కాదు, పెరగకుండా ఉంటే గెలిచినట్టే. అరిసె తింటే తిను, డబ్బా మాత్రం పడకగదిలో పెట్టుకోకు. అమ్మ కొసరి కొసరి వడ్డిస్తుంది, "ఇంకో రెండు గారెలు" అంటే నా పేరు చెప్పి తప్పించుకో. పొద్దున పొలం గట్టు దాకా నడిచిరా. ఈ వారం బరువు చూడొద్దు, ఉప్పూ పిండివంటలూ పట్టి ఉంచిన నీరే కిలోన్నర చూపిస్తుంది.

9, 10 వారాలు
మొదటి వారంలో ఉన్నట్టు మళ్లీ పద్ధతిలో పడు. రాత్రి ఏడు గంటల నిద్ర తప్పదు, పెళ్లి పత్రికలు పంచే పని అన్నయ్యకు అప్పగించు.

*చెక్:* పదో వారం చివర 70 అటూ ఇటూ. జనవరి 30న పెళ్లి జాకెట్టు కుట్టుకు ఇవ్వు, కొత్త కొలతలతో.

11, 12 వారాలు
కొత్తగా ఏమీ మొదలుపెట్టకు. డిటాక్స్ టీ, నీళ్లు మానేయడం, ఉప్పు పూర్తిగా తీసేయడం, ఇవేవీ వద్దు. పన్నెండో వారంలో తిండి కాస్త పెంచి నడక మామూలుగా ఉంచుదాం. పెళ్లి పనుల్లో కళ్లు తిరిగి పడితే అమ్మ నన్నే తిడుతుంది.

*చెక్:* ఫిబ్రవరి 14న 69 దగ్గర. 70 ఉన్నా నాకు సమ్మతమే. ఆకుపచ్చ జాకెట్టుకు హుక్కులన్నీ పట్టాలి. చివరి హుక్కు పట్టకపోతే పిన్నీసు పెట్టుకో, కొంగు కప్పేస్తుంది.

పెళ్లిరోజు పంక్తిలో కూర్చుని పూర్ణాలతో సహా తిను. తర్వాత పది రోజులు బరువు చూడకు. మార్చి మొదటి సోమవారం చూసి నాకు పంపు, మిగతా ఏడు కిలోల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.