ప్రశ్న గుర్తు

గోదాము కాపలాకు వెళ్లిన ప్రతి రాత్రీ పది గంటలకు, చేరానని చెప్పే ఒక్క మాట రికార్డు చేసి భార్యకు పంపడం అతనికి అలవాటు. ఆమెకు చదవడం రాదు కనుక రాసి పంపవలసిన అవసరం ఏనాడూ కలగలేదు. ఆ రాత్రి ఆ మాట పంపీ పంపగానే వెనుక గేటు వైపు రేకు పడిన చప్పుడు వినిపించడంతో, తెర ఆపకుండానే ఫోనును ప్యాంటు జేబులో వేసుకుని, టార్చి పట్టుకుని వానలోకి పరుగెత్తాడు.

ఫోను అద్దానికి నొక్కుడుతో పని లేదు. దానికి అందేది విద్యుత్తును ప్రసరింపజేసే ఒంటి స్పర్శ. పలుచని జేబు గుడ్డ తడిసి తొడకు అంటుకుంటే ఆ అద్దం దానినీ వేలిగానే లెక్కగడుతుంది. అతడు గేటు చుట్టూ తిరిగి, గాలికి ఊడిన రేకును రాయితో అదిమిపెట్టి వచ్చేలోగా జేబులోంచి ఈ వరుస వెళ్లిపోయింది:

```
##&)))*&&?
```

అతడు మళ్లీ ఫోను చూడలేదు. గంటగంటకూ గస్తీ తిరగడం, రిజిస్టరులో సంతకం పెట్టడంతోనే తెల్లవారింది.

ఇంటి దగ్గర ఆమె మాత్రం ఆ తెరను వదలలేదు. మూడు నెలలుగా, అతడు లేని రాత్రులలో, కూతురి దగ్గర కూర్చుని ఆమె అక్షరాలు దిద్దుతున్నది. గుణింతాలన్నీ వచ్చాక చెబుదామని ఆ సంగతి అతని దగ్గర దాచింది. కూతురే నోరు జారి ఉంటుందని, అందుకే ఆయన తొలిసారిగా రాసి పంపారని అనుకున్నది. ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయినందుకు తప్పు తన చదువుదే అనుకున్నది తప్ప, రాతను శంకించలేదు. నిద్రపోతున్న పిల్లను లేపి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఒక్కో గుర్తునూ నోటుబుక్కులోకి ఎత్తి రాస్తూ, గుణింతాలతో పోల్చి చూస్తూ కూర్చున్నది.

ఉదయం అతడు తడి బూట్లు విప్పుతుండగానే ఆ పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.

"ఎంత చూసినా నాకు అందలేదండీ. చివరిది మాత్రం తెలుసు, అది ప్రశ్న గుర్తు. ఏమడిగారు?"

అతడు ముందు ఆ వరుసను చూశాడు, ఆపైన జేబులోంచి ఫోను తీసి చూశాడు. నవ్వు పెదవి దాకా వచ్చింది. ఈలోగా చేయి యథాలాపంగా పుస్తకాన్ని వెనక్కి తిప్పింది. పేజీ తరువాత పేజీ, గీత దాటకుండా దిద్దిన క, కా, కి, కీ కనిపించాయి. అవి కూతురి రాత కావు.

అతడు చాలాసేపు ఏమీ అనలేదు.

"నిద్రపోయావా అని అడిగాను" అన్నాడు చివరికి.

"లేదండీ" అన్నదామె.