క్యాంప్‌కి హారిక రాలేకపోవడం గురించి కోచ్ సార్‌కి

సార్, నమస్తే. నేను హారిక వాళ్ళ అమ్మను, నకిరేకల్ నుంచి. నిన్న మీరు ఫోన్ చేసినప్పుడు బస్సులో ఉన్నాను, ఏదీ సరిగ్గా వినపడలేదు, సరిగ్గా చెప్పలేకపోయాను కూడా. అందుకే ఇలా రాసి పెడుతున్నాను.

నల్గొండలో మార్చి 18 నుంచి పెడుతున్న సబ్ జూనియర్ కబడ్డీ క్యాంప్‌కి హారిక రాలేకపోతోంది సార్. పదో తరగతి పరీక్షలు 21న మొదలై ఏప్రిల్ 2న సోషల్‌తో అయిపోతాయి. హాల్ టికెట్, టైమ్ టేబుల్ ఫోటోలు కింద పెట్టాను, ఫైల్‌లో పెట్టుకోవడానికి పనికొస్తాయేమో.

పరీక్ష 12.30కే అయిపోతుంది కదా, సాయంత్రం సెషన్‌కైనా పంపండి అన్నారు. మేమూ దాని గురించి ఆలోచించాం. సెంటర్ నకిరేకల్‌లోనే పడింది. అన్నం తిని బస్సెక్కి నల్గొండ వచ్చి, ప్రాక్టీస్ అయ్యాక తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది. ఆడి వచ్చిన పిల్ల ఆ టైమ్‌కి పుస్తకం పడితే కళ్ళు మూతలు పడతాయి, నేను చూస్తూనే ఉన్నాను. 24న ఇంగ్లిష్, 26న లెక్కలు, మధ్యలో ఉన్నది ఒక్క రోజు. 28న ఫిజిక్స్, మర్నాడే బయాలజీ. లెక్కల్లో తను కొంచెం వీక్, ఆ ఒక్క రోజు మాకు చాలా ముఖ్యం.

ఇంకో భయం కూడా ఉంది, అది మీకు తెలిసిందే. జనవరిలో యాంకిల్ హోల్డ్ వేయబోతే కుడిచేతి చూపుడు వేలు బెణికింది. ప్రీ ఫైనల్ టేప్ చుట్టుకునే రాసింది, అక్షరాలు పక్కకి పోయి టీచర్‌కే చదవడం కష్టమైంది. పరీక్షల మధ్యలో మళ్ళీ అలా జరిగితే ఎవరం ఏం చేయగలం? ఆటలో దెబ్బలు మామూలే, దానికి నేను ఎప్పుడూ వెనక్కి లాగలేదు. ఈ రెండు వారాలు మాత్రం ఆ చెయ్యి నాకు కావాలి సార్.

పాస్ అయితే చాలు అనుకుంటే ఇంత ఆలోచించేదాన్ని కాదు. బాసర ట్రిపుల్ ఐటీకి పెట్టాలని తన కోరిక, అక్కడ సీటు పదో తరగతి మార్కుల మీదే కదా.

ఇది మేం బలవంతంగా ఆపడం కాదు, తనూ ఒప్పుకుంది. ఒప్పుకుంది అంటే నవ్వుతూ కాదు. వచ్చే ఏడాదికి పదహారు దాటి సబ్ జూనియర్ నుంచి బయటికి వెళ్ళిపోతుందని తనకి తెలుసు. మొన్న రాత్రి సోషల్ చదువుతూ కింద కూర్చుని, మంచం కోడుని రెండు చేతులా గట్టిగా పట్టుకుని లాగుతోంది. ఏంటే అంటే, గ్రిప్ పోకుండా చూసుకుంటున్నా అంది. ఇంక నేనేమంటాను!

టీమ్‌కి ఇబ్బంది అని తెలుసు. లెఫ్ట్ కార్నర్ మారితే పక్కన కవర్ ఆడే పిల్లకీ, చైన్‌కీ మళ్ళీ మొదటి నుంచి అలవాటు కావాలని మీరే చెబుతుంటారు. చివరి నిమిషంలో కాకుండా ఇప్పుడే చెబుతున్నది అందుకే. ఆ చోట్లో ఎవరిని ఆడించాలనుకుంటే వాళ్ళనే మొదటి రోజు నుంచి ఆడించండి. హారిక కోసం ఖాళీగా ఉంచమని నేను అడగను, అది మిగతా పిల్లలకి న్యాయం కాదు.

నా విన్నపం ఒక్కటే. క్యాంప్ ఏప్రిల్ 6 దాకా ఉందన్నారు. 3వ తేదీ పొద్దున ఆరు గంటల సెషన్‌కి తనని గ్రౌండ్‌లో దింపుతాను, ముందు రోజు రాత్రే నల్గొండలో మా చెల్లెలింటికి వచ్చేస్తాం. ఆ నాలుగు రోజులు చూసి, పన్నెండు మందిలోకి పనికొస్తుందనిపిస్తే తీసుకోండి. లేదంటే బయట కూర్చుని మిగతావాళ్ళకి నీళ్ళందిస్తుంది, ఏమీ అనుకోం. అప్పటికే లిస్ట్ పంపేయాల్సి ఉంటే మాత్రం ముందే చెప్పండి సార్, పిల్ల ఆశ పెట్టుకుని కూర్చోకుండా నేను నెమ్మదిగా చెప్పుకుంటాను. రాకపోవడాన్ని క్రమశిక్షణ లేకపోవడం కింద మాత్రం రాయొద్దు.

ఇంటి దగ్గర పొద్దున అరగంట రన్నింగ్, స్కిప్పింగ్ ఆపదు. వాళ్ళ నాన్న వెంట వెళ్తారు. దెబ్బ తగిలే పని ఏదీ చేయనివ్వం. బరువు నిన్న చూస్తే 53 కిలోలు వచ్చింది, 55 దాటకుండా చూసుకునే బాధ్యత నాది. పరీక్షలప్పుడు మా అత్తమ్మ నెయ్యి గిన్నె తీసుకుని వెనక తిరుగుతుంది, ఆవిడకీ చెప్పాను.

జెర్సీ సైజులు అడిగారట గ్రూప్‌లో. తనది ఎం. క్యాంప్‌కి ఇచ్చిన పేరెంట్ సంతకం ఫారం వెనక్కి ఇవ్వాలా, తేదీలు మార్చి మళ్ళీ రాసివ్వాలా? శనివారం నల్గొండలో పనుంది, మీరు గ్రౌండ్‌లో ఉంటే అప్పుడే వచ్చి ఇస్తాను.

ఉంటాను సార్.

హారిక వాళ్ళ అమ్మ
నకిరేకల్