అభ్యాసం: కర్తరి వాక్యాలను కర్మణి వాక్యాలుగా మార్చడం

కర్తరి వాక్యంలో క్రియ కర్తను అనుసరిస్తే, కర్మణి వాక్యంలో అది కర్మను అనుసరిస్తుంది. మార్చేటప్పుడు కర్తకు 'చేత' చేర్చి, కర్మకున్న ను, ని ప్రత్యయాలను తొలగించి, క్రియకు 'బడు' ధాతువును కాలానికి తగిన రూపంలో చేర్చాలి.

ఉదాహరణ: ఇందిరాగాంధీ 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీటిని విడుదల చేశారు.
కర్మణి: ఇందిరాగాంధీ చేత 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదల చేయబడింది.

'నీటిని' అన్నది ఇక్కడ 'నీటి'గా కాక 'నీరు'గా మారిందని గమనించండి. దాని స్థానంలో 'నీళ్ళు' అని రాస్తే క్రియ కూడా 'చేయబడ్డాయి' అవుతుంది. ఎక్కువ మార్కులు పోయేది ఇలా వచనం కలవనిచోటే.

కింది వాక్యాలను కాలం మారకుండా కర్మణి వాక్యాలుగా రాయండి. మార్చడానికి వీలులేని వాక్యం ఉంటే కారణం తెలపండి.

1. కుందూరు చోళులు పానగల్లులో ఆలయాలను నిర్మించారు.
2. గద్వాల చేనేత కార్మికులు జరీ చీరలను నేస్తున్నారు.
3. అధికారులు రేపు జూరాల గేట్లను ఎత్తుతారు.
4. అధికారులు నిన్న జూరాల గేట్లను ఎత్తలేదు.
5. ప్రధానోపాధ్యాయురాలు నన్ను అభినందించారు.
6. నల్గొండ రైతులు బత్తాయిలను పండిస్తారు.
7. కృష్ణానది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో తెలంగాణలోకి ప్రవేశిస్తుంది.

జవాబులు

1. కుందూరు చోళుల చేత పానగల్లులో ఆలయాలు నిర్మించబడ్డాయి.
2. గద్వాల చేనేత కార్మికుల చేత జరీ చీరలు నేయబడుతున్నాయి.
3. అధికారుల చేత రేపు జూరాల గేట్లు ఎత్తబడతాయి.
4. అధికారుల చేత నిన్న జూరాల గేట్లు ఎత్తబడలేదు. వ్యతిరేకార్థాన్ని తెలిపే 'లేదు' ఎప్పుడూ 'బడు' తరువాతే వస్తుంది.
5. ప్రధానోపాధ్యాయురాలి చేత నేను అభినందించబడ్డాను. 'నన్ను' పోయి 'నేను' రావడంతో క్రియ ఉత్తమ పురుషలోకి మారింది. గౌరవార్థకమైన బహువచనం కర్తతోనే పోయింది కాబట్టి 'అభినందించబడ్డారు' అని రాయకూడదు.
6. నల్గొండ రైతుల చేత బత్తాయిలు పండించబడతాయి. ఇది ఏటా జరిగే పనిని చెప్పే తద్ధర్మకాలం, మూడో వాక్యం భవిష్యత్తు. రూపం రెంటికీ ఒకటే కావడం వల్ల తేడాను 'రేపు' వంటి పదాలే తెలుపుతాయి.
7. 'ప్రవేశించు' అకర్మక క్రియ. ఇందులో కర్మ లేదు కనుక కర్మణి వాక్యం కుదరదు.

'బడు', 'పడు' కనిపించిన ప్రతి క్రియనూ కర్మణిగా లెక్కించకూడదు. "పిల్లలు వరుసలో నిలబడ్డారు", "రైతు వానకు భయపడ్డాడు" అనేవి కర్తరి వాక్యాలే, ఎందుకంటే నిలబడిన వారూ భయపడిన వాడూ కర్తలే. ఇంట్లో ఎవరూ "అమ్మ చేత అన్నం వండబడింది" అనరు. ఈ రూపం ప్రభుత్వ ఉత్తర్వుల్లోనూ శిలాఫలకాల మీదా కనిపించినంతగా మాటల్లో వినిపించదు. అందువల్ల పరీక్షలో అడిగినప్పుడు తప్ప, మీ వ్యాసాల్లో కర్తరి వాక్యాన్నే వాడండి.