మీ పచ్చళ్ల లేబుళ్ల గురించి – డిజైనర్‌గా అవకాశం కోరుతూ

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,

నమస్కారమండీ.

మీ దగ్గర డిజైనర్ ఉద్యోగం ఖాళీ ఉందని ప్రకటన ఏమీ రాలేదు. తెలిసే రాస్తున్నాను. సంక్రాంతి ఆర్డర్ల హడావుడిలో మిమ్మల్ని విసిగించడం ఎందుకని పండగ వెళ్లేదాకా ఆగాను.

నాది తెనాలి. ఆరేళ్లుగా విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పనిచేస్తున్నాను. డీటీపీ ఆపరేటర్‌గా చేరాను. ఇప్పుడు అక్కడికొచ్చే లేబుళ్లు, అట్టపెట్టెల డిజైన్లన్నీ నేనే చూసుకుంటున్నాను.

మీ పచ్చళ్లు మా ఇంట్లో ఎప్పుడూ ఉండేవే. పోయిన నెల మా అన్నయ్య డల్లాస్ వెళ్తుంటే ఎనిమిది సీసాలు తెప్పించాం. అట్టపెట్టెలో సర్ది పైనుంచి చూస్తే ఎనిమిదీ ఎర్రమూతలే. మాగాయ ఏదో, పండుమిర్చి ఏదో తెలియక ఒక్కొక్కటీ పైకి లాగి చూడాల్సి వచ్చింది. చివరికి మా అమ్మ విసుక్కుని స్కెచ్ పెన్నుతో మూతల మీద పేర్లు రాసింది. వంటింటి అలమరలోనూ, ఫ్రిజ్ తలుపులోనూ పచ్చడి సీసాను మనం ముందు చూసేది పైనుంచే కదా! పేరు మూత మీద కూడా ఉంటే బాగుండుననిపించింది. ఒకసారి అలా చూడటం మొదలుపెట్టాక, వృత్తి అలవాటు, లేబులంతా చదివేశాను.

అల్లం పచ్చడి మీద పేరు ‘అల్‌లం’ అని అచ్చయింది. మీ డిజైనరు తెలుగు తెలియక చేసిన తప్పు కాకపోవచ్చు. ఇలస్ట్రేటర్‌లో భారతీయ భాషల కంపోజర్ ఆన్ చేయకపోతే ఒత్తులు ఇలాగే విడిపోతాయి. మా ప్రెస్‌కు వచ్చే ఫైళ్లలో వారానికి ఒకటైనా ఇలాంటిది దొరుకుతుంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లదైతే ఇంకో తంటా: ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు ఏవో ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. మీ దగ్గర పాత లేబుళ్లు అలాంటివి ఉంటే అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి పెట్టగలను.

ఇంకొకటి మాత్రం త్వరగా చూసుకోవాల్సింది. రొయ్యల పచ్చడి, చికెన్ పచ్చడి సీసాల మీద మాంసాహార గుర్తుగా ఇంకా బ్రౌన్ చుక్కే ఉంది. 2020 నాటి ఫుడ్ సేఫ్టీ లేబులింగ్ నిబంధనల ప్రకారం అది చతురస్రంలో బ్రౌన్ త్రిభుజం కావాలి. రంగులు సరిగా పోల్చుకోలేనివాళ్లకు ఆకుపచ్చ చుక్కా బ్రౌన్ చుక్కా ఒకేలా కనిపిస్తాయి. ఆకారం వేరైతే ఆ ఇబ్బంది ఉండదు. నాకు ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా ఇది మాత్రం మార్పించండి.

అడక్కుండానే మూడు లేబుళ్లు మళ్లీ గీసి ఈ మెయిల్‌తో పీడీఎఫ్‌గా పంపుతున్నాను: ఆవకాయ, అల్లం, రొయ్యలు. మీ లోగో జోలికి పోలేదు, అది జనానికి అలవాటైన గుర్తు. ఎర్రటి పచ్చడి మీద ఎర్రటి లేబులు కలిసిపోతోందని లేబులు వెనక రంగు మాత్రం లేత పసుపు చేశాను. మూతకు గుండ్రటి స్టిక్కరు, దాని మీద పచ్చడి పేరు ఒక్కటే, పెద్దగా. లేబులుకు కాగితం బదులు పీపీ ప్లాస్టిక్ ఫిల్మ్ వాడితే బాగుంటుంది. మా ఇంట్లో సీసా మీది లేబుల్ రెండో వారానికే నూనె పీల్చుకుని సగం చదవడానికి లేకుండా పోయింది. ఫిల్మ్‌కు ఖర్చు కాస్త ఎక్కువే. మీ పరిమాణానికి ఎంత తేడా వస్తుందో ప్రెస్‌లో కొటేషన్ తీసుకుని చెప్పగలను.

నాకు రానివీ చెప్పాలి. డిజైన్ కాలేజీలో చదవలేదు, బీకాం చేశాను. వెబ్‌సైట్లు, వీడియోలు నా పని కాదు. ఫోటోలు తీయడం కూడా అంతంతమాత్రం. అచ్చుకు వెళ్లే పని మాత్రం ఫైలు నుంచి ప్లేటు దాకా, కటింగ్ దాకా నా చేతుల మీదుగా నడిచినదే.

కొత్త ఆవకాయ ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి లేబుళ్లు మార్చికల్లా అచ్చుకు వెళ్లాలి. పూర్తికాలం ఉద్యోగం ఇప్పుడే కుదరకపోతే ఈ సీజను లేబుళ్ల వరకైనా నాకు అప్పగించి చూడండి. నచ్చితే మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు నాకు నెలకు 26 వేలు వస్తోంది. మానేయాలంటే నెల రోజుల ముందు చెప్పాలి. ఏ ఆదివారమైనా గుంటూరు వచ్చి కలవగలను, అరగంట చాలు. అచ్చయిన నమూనాలు కూడా తెస్తాను, తెర మీద చూసిన రంగుకూ కాగితం మీద రంగుకూ తేడా ఉంటుంది.

ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వండి. మా యజమానికి ఇంకా ఏమీ చెప్పలేదు, దయచేసి ప్రెస్‌కు ఫోన్ చేయవద్దు.

ఇట్లు,
పి. సుజాత
తెనాలి, జనవరి 19