విషయం: అక్క శస్త్రచికిత్స ప్రయాణంలో సహాయకురాలిగా వెళ్లేందుకు నా బి1/బి2 వీసా ఇంటర్వ్యూను ముందు తేదీకి మార్చవలసిందిగా అభ్యర్థన

తేదీ: ఆగస్టు 12, 2025

కాన్సులర్ అధికారి గారికి,
వలసేతర వీసాల విభాగం,
అమెరికా కాన్సులేట్ జనరల్, హైదరాబాద్.

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

నా పేరు వి. సుభాషిణి. నెల్లూరు జిల్లా కావలి దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిని. నా వీసా ఇంటర్వ్యూ 2026 ఫిబ్రవరి 24న ఉంది. మా అక్క కె. రాజ్యలక్ష్మికి శాన్ డియాగోలో శస్త్రచికిత్స 2025 సెప్టెంబరు 18న. ఆమె వెంట వెళ్లవలసింది నేను. ఈ నెల 26వ తేదీలోపు ఏ రోజైనా సరే, నాకు ఇంటర్వ్యూ అవకాశం ఇప్పించమని వేడుకుంటున్నాను.

ఆన్‌లైన్ ఖాతాలో అత్యవసర అభ్యర్థన నిన్ననే నమోదు చేశాను. అక్కడ నాలుగు మాటలకు మించి రాయడానికి చోటు లేదు కనుక పూర్తి వివరాలు ఇక్కడ రాస్తున్నాను. ఇంటర్వ్యూకు కూడా తెలుగునే ఎంచుకున్నాను. ఈ లేఖకు ఆంగ్ల అనువాదం జతచేశాను.

అక్క వయసు 57. 2023 డిసెంబరులో ఆమె కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరింది. మందులు వాడితే చాలామందికి ఆ గడ్డలు కరిగిపోతాయి. అక్కకు కరగలేదు. రక్తనాళాల గోడలకు మచ్చలా అతుక్కుపోయి దారిని మూసేశాయి. దీన్ని క్రానిక్ థ్రాంబోఎంబాలిక్ పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారని ఆమెకు చికిత్స చేస్తున్న వైద్యులు చెప్పారు. మూసుకున్న నాళాల్లోకి రక్తాన్ని నెట్టలేక గుండె కుడిభాగం ఉబ్బుతోంది. జూన్‌లో 72 ఉన్న పల్మనరీ ధమని పీడనం జులై 28న తీసిన ఎకోలో 88కి చేరింది.

ఇంట్లో ఆమె పరిస్థితి ఇలా ఉంది. ఉదయం వంటింట్లోంచి వరండాలోకి వచ్చి కూర్చునేటప్పుడు వేలికి ఆక్సీమీటర్ పెడతాను. కదలకుండా ఉన్నప్పుడు 90 చూపించే అంకె ఆ పన్నెండు అడుగులకే 82కి పడిపోతుంది. అది మళ్లీ 88 దాటేవరకు అక్క మాట్లాడదు, చెయ్యి మాత్రం ఊపుతుంది, బాగానే ఉన్నానని. రాత్రుళ్లు ఆక్సిజన్ యంత్రం ఆగదు. కరెంటు పోతే నేను లేచి సిలిండరుకు మారుస్తాను.

దీనికి శాశ్వతమైన మార్గం పల్మనరీ ఎండార్టరెక్టమీ అనే శస్త్రచికిత్స. శరీరాన్ని దాదాపు 20 డిగ్రీల వరకు చల్లబరిచి, రక్తప్రసరణను కొద్ది నిమిషాలపాటు పూర్తిగా ఆపి, నాళాల లోపలి మచ్చను పొరగా ఒలిచి తీస్తారు. మన దేశంలో ఇది చేసేవారు లేరని నేను అనడం లేదు. మేము మొదట ఇక్కడే అడిగాము. అక్కకు గడ్డలు చాలా సన్నని కొమ్మల్లోకి వెళ్లిపోయాయి కాబట్టి, ఈ శస్త్రచికిత్సలో ఎక్కువ అనుభవమున్న చోటికే వెళ్లమని మా వైద్యులు సలహా ఇచ్చి, స్కాన్‌లన్నీ శాన్ డియాగోలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వైద్య కేంద్రానికి పంపించారు. వాటిని చూసి, శస్త్రచికిత్స చేయవచ్చని వాళ్లు జులై 30న అంగీకార పత్రం ఇచ్చారు. సెప్టెంబరు 10 నుంచి పరీక్షలు, 18న శస్త్రచికిత్స. ఈ తేదీ తప్పితే మళ్లీ వీలయ్యేది నవంబరు చివర్లోనేనని అందులో ఉంది. అంతవరకు ఆగడం ప్రమాదమని మా వైద్యులు విడిగా రాసి ఇచ్చారు.

అక్కకు వీసా ఉంది. 2018లో కూతురిని చూడటానికి వెళ్లినప్పటిది, 2028 వరకు చెల్లుతుంది. ఆమె ఒంటరిగా వెళ్లడమే కుదరదు. ఆక్సిజన్ మీద ప్రయాణించే మనిషి కాబట్టి, పక్క సీటులో సహాయకులు ఉంటేనే విమానం ఎక్కించుకుంటామని విమాన సంస్థ వైద్య అనుమతి పత్రంలో షరతు పెట్టింది. ఆసుపత్రి కూడా ఐసీయూ రోజుల్లోనూ, ఇంటికి పంపిన తరువాత మూడు వారాలూ రోగి దగ్గర కుటుంబ సభ్యులొకరు ఉండాలని రాసింది. రక్తం పలుచబడే మందు మోతాదు తరచుగా మారుస్తారు. అక్కకు ఇంగ్లీషు అంతగా రాదు. నొప్పి ఎక్కడుందో, ఊపిరి ఎలా ఆడుతుందో ఆమె నాతో తెలుగులో చెబితే, నేను నర్సులకు చెప్పాలి. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు.

మరొకరు వెళ్లలేరా అని మీరు అడగవచ్చు. బావగారు 2021లో కోవిడ్‌తో పోయారు. తోడబుట్టినవాళ్లం మేమిద్దరమే. అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది, ఇప్పుడు ఏడో నెల. విమాన ప్రయాణం వద్దని అక్కడి డాక్టరు గట్టిగా చెప్పారు. అల్లుడు శస్త్రచికిత్స సమయానికి వచ్చి నాలుగు రోజులు ఉంటానన్నాడు. భార్యను ఆ స్థితిలో వదిలి అంతకన్నా ఉండమని మేమూ అడగలేము.

ఖర్చు సంగతి. ఆసుపత్రి అంచనా పత్రం, కట్టిన ముందస్తు సొమ్ము రసీదు, మిగతా మొత్తం చూపే బ్యాంకు పత్రాలు జతచేశాను. నెల్లూరులో అక్క పేరనున్న ఇల్లు జులైలో అమ్మాము. ఆ విక్రయ పత్రం కూడా ఉంది. నా ప్రయాణం, వసతి నా పొదుపులోంచే.

నేను తిరిగి వస్తాననడానికి కారణాలు ఇక్కడే ఉన్నాయి. ఇరవై రెండేళ్ల ఉద్యోగం, ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న కొడుకు, 80 ఏళ్ల అమ్మ. సెప్టెంబరు 1 నుంచి 60 రోజుల సెలవు మంజూరైంది. విద్యాశాఖ నిరభ్యంతర పత్రం కూడా చేతికొచ్చింది. అయితే ఈ విషయాలన్నీ ఇంటర్వ్యూలో మీరు పరిశీలించి నిర్ణయించవలసినవి. ఈ లేఖలో నేను అడుగుతున్నది వీసా కాదు, సమయానికి మీ ఎదుట నిలబడే అవకాశం మాత్రమే. ఫిబ్రవరిలో మీరు నాకు వీసా ఇచ్చినా, దానితో నేను అక్కకు చేయగలిగింది ఏమీ ఉండదు.

డీఎస్-160 ఫారం, 185 డాలర్ల రుసుము రెండూ ఆగస్టు 1నే పూర్తిచేశాను. ఆ రోజు దొరికిన మొదటి తేదీ ఫిబ్రవరి 24, వెంటనే అదే తీసుకున్నాను. మా టికెట్లు సెప్టెంబరు 6కు తీసుకున్నాము. పాస్‌పోర్టు తిరిగి చేతికి రావడానికి పట్టే రోజులు లెక్కవేసే 26వ తేదీలోపు అని అడిగాను. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు మరో రోజు రమ్మన్నా, రెండూ వరుసగా పెట్టినా నాకు ఇబ్బంది లేదు. ముందురోజు మధ్యాహ్నం తెలిస్తే చాలు, సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో ఉంటాను. నేను లేని రాత్రి అక్క దగ్గర పడుకోవడానికి పక్కింటి వనజమ్మ గారు ఒప్పుకున్నారు.

జతచేసినవి: ఇక్కడి వైద్యుల లేఖ, జులై 28 ఎకో నివేదిక, శాన్ డియాగో అంగీకార పత్రం, ఖర్చు అంచనా, రసీదు, బ్యాంకు పత్రాలు, ఇంటి విక్రయ పత్రం, విమాన సంస్థ వైద్య అనుమతి పత్రం, అక్క వీసా ప్రతి, మా బంధుత్వం తెలిపే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, నా డీఎస్-160 నిర్ధారణ పేజీ, ప్రస్తుత అపాయింట్‌మెంట్ పత్రం, సెలవు ఉత్తర్వు, నిరభ్యంతర పత్రం, ఆంగ్ల అనువాదం. ఇంకేదైనా కావాలంటే ఈ మెయిలుకే జవాబు ఇవ్వండి, అదే రోజు పంపిస్తాను. అక్క వైద్యులు కూడా మీ ప్రశ్నలకు నేరుగా సమాధానం ఇస్తామన్నారు. వారి ఫోను నంబరు వారి లేఖలోనే ఉంది.

మీ సమయం తీసుకున్నందుకు మన్నించండి. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

కృతజ్ఞతలతో,
వి. సుభాషిణి
కావలి, నెల్లూరు జిల్లా