తుమ్మ మొద్దు

మత్తడి జానెడు ఎత్తున దుముకుతోంది. వాన తెరిపిచ్చి గంటయినా, పై చెరువుల నీళ్లు ఇంకా దిగుతూనే ఉన్నాయి.

మల్లయ్య కట్ట కింద నడుస్తున్నాడు. కట్ట మీద నిలబడితే చెరువు కనిపిస్తుంది. కట్ట సంగతి తెలిసేది అడుగునే. పది అడుగులకోసారి ఆగి అరికాలితో నేల నొక్కుతున్నాడు. మెత్తగా తగిలితే వంగి చేత్తో తడుముతున్నాడు. వెనక సాయిలు టార్చి పట్టుకుని నడుస్తున్నాడు.

"చెప్పులిడువు. చెప్పుల కాలుకు తడి తెల్వది."

తూముకు ఇవతల, రెండేళ్ల కింద నరికిన తుమ్మ మొద్దు దగ్గర ముసలాయన ఆగిపోయాడు. వేళ్లు చివికితే కట్ట లోపల బొర్రలు పడతాయి, మొద్దు తవ్వి మట్టి దిమ్మిస కొట్టండని అప్పుడే చెప్పాడు. చెట్టు కొట్టారు, కట్టెలు పంచుకున్నారు, మొద్దు వదిలేశారు.

మొద్దు పక్కన బొటనవేలంత బుంగ. నీళ్లు ఉబుకుతున్నాయి. మల్లయ్య దోసిట పట్టి టార్చి వెలుతురులో చూశాడు.

"తేటగనే ఉన్నయి. ఊటనే." భుజం రుద్దుకుంటూ మొద్దు మీద కూర్చున్నాడు. అంత చలిలోనూ నుదుట చెమట.

"ఏమైంది తాతా?"

"నడిసిన గద. మోటరు కొట్టంల యూరియా సంచులున్నయి, పారున్నది. పట్కరా."

సాయిలు ఉరికాడు.

తిరిగొచ్చేసరికి మల్లయ్య మొద్దుకు ఆనుకుని నేల మీద ఉన్నాడు. తల పక్కకు వాలింది. సాయిలు సంచులు పడేసి ముక్కు దగ్గర వేళ్లు పెట్టాడు. మెడ పక్కన నొక్కి చూశాడు. కళ్లలోకి టార్చి కొట్టాడు. రెప్ప కదలలేదు.

ముసలాయన రెండు చేతులకూ మణికట్టు దాకా మట్టి. బుంగ చుట్టూ మట్టి గడ్డలు పేర్చి ఉన్నాయి, మూడు వైపులా. నాలుగో వైపు ఖాళీ. ఆ ఖాళీలోంచి పారుతున్న నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఎర్రగా వస్తే లోపల మట్టి కోసుకుపోతున్నట్టు. సాయిలు ఫోను తీశాడు. తడి వేళ్లకు తెర పనిచేయలేదు. అంగీ లోపలి అంచుతో తుడిచి మళ్లీ నొక్కాడు.

"నాయినా, తూము కాడ బుంగ పడ్డది. ట్రాక్టరుల ఇసుక పట్టుకరాండ్రి. ఖాళీ సంచులు, టార్పాలిన్, ఒక గోనెడు ఊక."

"మల్లన్నేడి?"

"ఈడనే ఉన్నడు."

ఫోను జేబులో పెట్టి మల్లయ్య చంకల కింద చేతులు వేశాడు. నీళ్లు తగలని చోటికి ఈడ్చి, తువ్వాల ముఖం మీద కప్పి, పార అందుకున్నాడు.

ట్రాక్టరు వచ్చేసరికి మట్టి గట్టు మోకాలి కిందికి లేచింది. పన్నెండు మంది దిగారు. తువ్వాల చూసి సాయిలు తండ్రి అక్కడే ఆగిపోయాడు. ఇంకొకాయన పెద్ద బండ ఎత్తుకొచ్చాడు.

"జరుగురా పోరడా, మూసేద్దాం."

"మూయొద్దు." సాయిలు గట్టుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆ పెద్దమనుషుల ముందు ఇంతవరకు నోరెత్తింది లేదు. "ఈడ మూస్తే ఇంకో తావుల పొడుస్తది. సుట్టూ పెంచాలె. లోపల నీళ్లు లేస్తే ఆ బరువుకు బుంగ జోరు తగ్గుతది. ఈ సందు ఉండనియ్యాలె, నీళ్లు పోతనే ఉండాలె."

ఆయన బండ దించలేదు. సాయిలు జరగలేదు. చివరికి తండ్రే వచ్చి ఒక సంచి విప్పాడు.

"నిండ నింపకు నాయినా. సగానికి కొంచెం ఎక్కువ చాలు. నిండ నింపితే గట్టిగైతది, ఒకదాని మీదొకటి కూసోదు, సందులల్లకెళ్లి కారుతది."

ఇద్దరిని ఊకతో కట్ట ఎక్కించాడు. చెరువు వైపు అంచు పొడవునా చల్లి, ఊక ఎక్కడ గుండ్రంగా తిరిగి మునుగుతుందో చూడమన్నాడు. ఆ సుడి కిందే పై మూతి. కనిపిస్తే టార్పాలిన్ పరిచి అంచుల మీద సంచులు వేయాలి. నీళ్లలోకి దిగేవాడి నడుముకు తాడు, తాడు కొస కట్ట మీద ఇద్దరి చేతుల్లో.

మూడో వరుస సంచులు పడ్డాక ఎరుపు పలచబడింది. ఇంకా తేట కాలేదు. నీటిమట్టం దించితే తప్ప తేట కాదు.

"తూము తాళం యాడున్నది?" తండ్రి అడిగాడు.

సాయిలు మల్లయ్య దగ్గర కూర్చున్నాడు. తాళంచెవి మొలతాడుకు ఉంది. ముడి తడికి బిగిసింది. గోళ్లకు రాలేదు, పళ్లతో లాగి విప్పాడు. ముసలాయన పంచె సర్ది లేచాడు.

"ముందుగాల నాలుగు సుట్లే తిప్పుండ్రి," తాళంచెవి తండ్రికి ఇచ్చాడు. "ఒక్కసారే ఎత్తితే నీళ్లు దబదబ దిగి లోపలి దిక్కు కట్ట జారుతది. తూము కాలువ పొంటి మోటర్లున్నోళ్లకు ఫోను చెయ్యి. నేను బుంగ కాడ ఉంట."