వార్షిక పనితీరు మదింపు, 2023-24: సేల్స్ ఎగ్జిక్యూటివ్, కళ్యాణదుర్గం ఏరియా

ట్రాక్టర్ల విభాగం, అనంతపురం బ్రాంచి

టార్గెట్ 48, డెలివరీలు 31. అంటే 65 శాతం. టార్గెట్ అందలేదు, ఆ మాటను ఈ కాగితం మార్చదు.

అయితే 48 అన్న అంకె ఏప్రిల్‌లో, వానలు బాగుంటాయన్న లెక్కతో పెట్టింది. ఆగస్టులో చినుకు లేదు, వేరుశనగ దెబ్బతింది, జిల్లాలో కరువు మండలాలు ప్రకటించారు. మీ ఐదు మండలాల్లో అన్ని కంపెనీల ట్రాక్టర్ రిజిస్ట్రేషన్లు 260 నుంచి 182కు పడ్డాయి. మీవి 44 నుంచి 31కి. మన వాటా నిరుడు 16.9 శాతం, ఈ ఏడు 17.0. మార్కెట్ ఎంత కుంగిందో మీరూ అంతే తగ్గారు, పక్క కంపెనీకి జాగా వదల్లేదు. బ్రాంచి మొత్తంతో పోల్చకుండా రిజిస్ట్రేషన్లతో పోల్చింది ఇందుకే: బ్రాంచి కూడా మన పనే, దాన్ని మార్కెట్ అనలేం.

అంకెలకు 50లో 36 మార్కులు: టార్గెట్‌కు 25లో 16, వాటా నిలబెట్టినందుకు 25లో 20.

అసలు సమస్య ఎంక్వైరీ రిజిస్టర్‌లో ఉంది. మార్చి 31 నాటికి 57 పేర్లు 'హాట్' అని రాశారు. అందరికీ ఫోన్ చేస్తే 19 మందే నిజంగా కొనే దారిలో ఉన్నారు. 22 మందికి 90 రోజులుగా ఫాలోఅప్ తేదీయే లేదు, మిగతా 16 మంది వేరే చోట కొన్నారు లేదా వద్దనుకున్నారు. ఈ రిజిస్టర్ చూసి స్టాక్ తెప్పిస్తే యార్డులో వడ్డీ మోసేది బ్రాంచే.

డెమోలు 62, అందులో సగం డెలివరీ అయ్యాయి. నిరుడు 70 డెమోలకు 44. ఈ ఏడు డెలివరీ కాని 31 డెమోల్లో 14 ఫైనాన్స్ దగ్గర ఆగాయి. వాటిలో 9 కేసుల్లో పాస్‌బుక్ తండ్రి పేరున ఉండటమో, పాత లోను బకాయి ఉండటమో కారణం. ఇవి డెమోకు ముందే, డీజిల్ పోయకముందే అడిగితే తెలిసేవి. కరువుతో దీనికి సంబంధం లేదు. పైప్‌లైన్‌కు 30లో 15.

శ్రమకు 20లో 17. పల్లె సందర్శనల డైరీని ఆరు ఊళ్లలో సరిచూశాం, అబద్ధం లేదు. సెప్టెంబరు తర్వాత కొత్త బండి కదలనప్పుడు పాత ట్రాక్టర్ల ఎక్స్ఛేంజ్ మీరే పట్టుకున్నారు, 31లో 11 అలా వచ్చినవే. మూడు మార్కులు తగ్గింది కుందుర్పి వైపు నాలుగు నెలలు అసలు వెళ్లనందుకు.

మొత్తం 68. స్థాయి: 'ఆశించినంత'. 75 శాతం దాటలేదు కాబట్టి వాల్యూమ్ ఇన్సెంటివ్ ఉండదు. వార్షిక ఇంక్రిమెంట్ యథాతథం.

జూన్ నుంచి: పాస్‌బుక్, 1బి, పాత లోను వివరం చూడకుండా డెమో బండి పంపరాదు. తేదీ లేని ఎంక్వైరీ ప్రతి శనివారం 'కోల్డ్'లోకి వెళ్తుంది. కుందుర్పి, శెట్టూరుకు వారానికి ఒక రోజు. జూలై 15న రిజిస్టర్‌లోంచి పది పేర్లు తీసి మీ ముందే ఫోన్ చేస్తాం. ఏడుగురు కొనే దారిలో ఉంటే పైప్‌లైన్ మార్కులు అర్ధ సంవత్సరంలోనే మళ్లీ వేస్తాం.

అభ్యంతరం ఉంటే వారంలోగా రాతపూర్వకంగా ఇవ్వండి.

బ్రాంచి సేల్స్ మేనేజర్, అనంతపురం